324 అంటే కర్రా, పైపులా? పెద్దనాన్నకు ఎఫ్‌ఐఆర్ చదివి చెప్పిన వైనం

పోలీస్ కంప్లయింటు కాపీ ఇంట్లో వాళ్లకు కుదించి చెప్పడం చూడ్డానికి చిన్న పనే. నాలుగు పేజీల కాగితం, పావుగంట పని. కానీ ఆ పావుగంటలో ఒక బ్రాకెట్టు జారిపోతే మూడేళ్ల శిక్ష ఉన్న నేరం కాస్తా యావజ్జీవం దాకా పోగల నేరం అవుతుంది. ఒక ఇంగ్లీషు అక్షరం తగ్గితే పొలం గొడవ ఎన్నికల్లో లంచం కేసుగా మారిపోతుంది. తమాషాకి అనడం లేదు, కింద చెబుతాను.

మాది పెద్దదోర్నాల దగ్గర పల్లె. శ్రీశైలం ఘాట్ ఎక్కబోయే ముందు బస్సు ఆగి టీ తాగే ఊరంటే చాలామందికి గుర్తొస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో బయట ఉంటాను. పెద్దనాన్న అక్కడే మిరప వేస్తారు. మొన్న ఫిబ్రవరిలో ఆయన చేలో డ్రిప్పు పైపులు ఎవరో కోసేశారు. అడగబోయిన మా అన్నకు దెబ్బలు తగిలాయి. పెద్దనాన్న స్టేషన్‌కు వెళ్లి తెలుగులో కంప్లయింటు రాసిచ్చారు, ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికిచ్చారు. ఆ కాపీ ఫోటోలు నాకు వాట్సాప్‌లో వచ్చాయి. వెనకే ఫోను.

"ఏందిరా అబ్బాయ్, నేను తెలుగులో ఇస్తే వీళ్లు ఇంగ్లీషులో ఇచ్చారు. మన పక్క వీధి ఆయన చూసి, 324 పడింది, అంటే కర్రతో కొట్టిన కేసు రాశారు, పైపుల సంగతి అసలు రాయలేదు అంటన్నాడు. రేప్పొద్దున పోయి అడుగుతా. నువ్వు ఒకసారి చూసి, మార్కాపురం లాయరు గారికి చూపించేట్టు తెలుగులో ఒక్క కాగితం మీద రాసి పంపు."

పక్క వీధి ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది పాత లెక్క. ఐపీసీలో 324 అంటే ఆయుధంతో గాయపరచడమే. మా ప్రాంతంలో పొలం తగాదాల పుణ్యమా అని ఆ నంబరు చదువు రాని వాళ్లకు కూడా నోటికి వచ్చు. అయితే 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. అందులో 324 అంటే ఆస్తికి నష్టం కలిగించడం. ఆయుధంతో గాయపరచడం 118కి పోయింది. అంటే పెద్దనాన్న 'రాయలేదు' అని పోట్లాడబోతున్న పైపుల సంగతే ఆ 324. మర్నాడు స్టేషన్‌కి పోయి ఉంటే, రాసిన సెక్షన్‌నే రాయలేదని గొడవ పడేవారు.

అందుకని కుదించడానికి ముందు నేను చేసిన మొదటి పని సెక్షన్ల గడి మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోవడం. ఎఫ్‌ఐఆర్‌లో రెండో గడి అది. ముందు చట్టం పేరు, పక్కన సెక్షన్లు ఉంటాయి. మా కాపీలో ఇలా ఉంది: 324(4), 115(2), 118(1), 351(2) రెడ్‌విత్ 3(5) బీఎన్‌ఎస్. 

బ్రాకెట్టులోనే బరువంతా

చాలామంది ఇళ్లలో ఇది '115, 118, 324, 351 పెట్టారంట' అయిపోతుంది. బ్రాకెట్లు పలకడం కష్టం కాబట్టి వదిలేస్తారు. కానీ కొత్త చట్టంలో చాలా సెక్షన్లకు అసలు సంగతి బ్రాకెట్టులోనే ఉంటుంది.

118 తీసుకోండి. 118(1) అంటే ప్రమాదకరమైన ఆయుధంతో మామూలు గాయం చేయడం, మూడేళ్ల వరకు శిక్ష. 118(2) అంటే అదే రకం ఆయుధంతో తీవ్ర గాయం. దానికి ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, లేదంటే యావజ్జీవం. ఒట్టి '118' అని రాస్తే ఈ రెంటిలో ఏదో చదివినవాడి ఊహకు వదిలేసినట్టే. 351 కూడా అంతే. 351(2) బెదిరింపు, రెండేళ్ల వరకు. చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరిస్తే 351(3), అది ఏడేళ్ల వరకు. మా కాపీలో ఉన్నది (2). 'చంపుతామని బెదిరించారు' అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు గానీ పెద్దనాన్న రాసిచ్చిన కంప్లయింటులో ఉన్న మాట 'నీ అంతు చూస్తాం'. నేను ఆ మాటే ఉంచాను. దాని అర్థం ఏమిటో తేల్చే పని నాది కాదు.

324కి నాలుగో బ్రాకెట్టు ఎందుకొచ్చిందో చూస్తే ఇంకో ముడి విప్పుకుంది. నష్టం ఇరవై వేలు, ఆపైన ఉండి లక్షకు లోపు అయితే 324(4), రెండేళ్ల వరకు శిక్ష. లక్ష, అంతకు మించితే 324(5), ఐదేళ్ల వరకు. ఎఫ్‌ఐఆర్‌లో తొమ్మిదో గడి దెబ్బతిన్న లేదా పోయిన వస్తువులది, పదో గడి వాటి మొత్తం విలువది. మా కాపీలో పదో గడిలో 35,000 అని ఉంది. అంటే సెక్షన్, అంకె ఒకదానికొకటి సరిపోయాయి. కానీ పెద్దనాన్న ఫోన్లో ప్రతిసారీ 'లక్ష దాకా పోయిందిరా' అంటారు. ఆయన కోణంలో అది నిజమే, నీళ్లు అందక వాడిన చెట్లు కూడా ఆయన లెక్కలో ఉన్నాయి. నేను కాగితంలో 35,000 అనే రాశాను. పైగా 'సుమారు' అని కంప్లయింటులో ఉంది కాబట్టి ఆ మాట కూడా ఉంచాను. పంట నష్టం చెప్పుకోవాలంటే దర్యాప్తు అధికారి వాంగ్మూలం తీసుకునేటప్పుడు చెప్పుకోవాలి. ఎఫ్‌ఐఆర్‌లో లేనిదాన్ని నా తెలుగు కాగితంలో పెడితే లాయరు గారు అది కాపీలో ఉందనుకుంటారు.

చివర ఉన్న 'రెడ్‌విత్ 3(5)' గురించి రెండు మాటలు. కాపీలో అది r/w అని ఉంటుంది. చాలామంది దాన్ని ఇంకో నేరం అనుకుని లెక్కలో కలుపుతారు, లేదా అర్థం కాక కొట్టేస్తారు. అది విడి నేరం కాదు. నలుగురు కలిసి ఒకే ఉద్దేశంతో చేశారని చెప్పే సెక్షన్, పాత ఐపీసీ 34 లాంటిది. అందరికీ తెలిసిన మాటలో చెప్పాలంటే 'కూడబలుక్కుని'. కాబట్టి మా కేసులో నేరాలు నాలుగే, ఐదు కాదు.

ఇక ఎన్నికల లంచం సంగతి. ఎఫ్‌ఐఆర్ ఫారం పైన '173 బీఎన్‌ఎస్‌ఎస్ కింద' అని అచ్చయి ఉంటుంది. బీఎన్‌ఎస్‌ఎస్ అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన పద్ధతుల చట్టం. 173 అంటే ఎఫ్‌ఐఆర్ ఎలా నమోదు చెయ్యాలో చెప్పే సెక్షన్, పాత 154. అది ఎవరి మీదా నేరం కాదు, ప్రతి ఎఫ్‌ఐఆర్ మీదా ఉంటుంది. దాన్ని సెక్షన్ల వరసలో కలిపేసి, పైగా ఒక 'ఎస్' వదిలేసి '173 బీఎన్‌ఎస్' అని రాశామనుకోండి, అది ఎన్నికల్లో లంచానికి శిక్ష చెప్పే సెక్షన్! అందుకే నా కాగితంలో ప్రతి నంబరు వెనకా చట్టం పేరు పూర్తిగా రాశాను. 

ఇంకొకటి. మీ దగ్గరున్న కాపీలో ఐపీసీ సెక్షన్లు ఉండి పైన బీఎన్‌ఎస్‌ఎస్ అని ఉంటే తప్పచ్చు అనుకుని 'సరిదిద్దకండి'. నేరం 2024 జులై 1కి ముందు జరిగి, కంప్లయింటు ఆ తర్వాత ఇస్తే అలా ఉంటుంది. నేరానికి అప్పటి చట్టం, నమోదుకు ఇప్పటి పద్ధతి.

పన్నెండో తేదీ రాత్రి అంటే ఎప్పుడు?

తేదీల దగ్గర నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. మూడో గడిలో నేరం జరిగిన సమయం 'నుంచి, వరకు' అని రెండు తేదీలుగా ఉంటుంది. దాని కిందే స్టేషన్‌కు సమాచారం అందిన తేదీ, గంట ఉంటాయి. ఆ కింద జనరల్ డైరీ ఎంట్రీ. చివరి పేజీలో పదిహేనో గడిలో కోర్టుకు పంపిన తేదీ, గంట. ఒకే కాగితంలో ఇన్ని తేదీలు. 'కేసు ఏ రోజుది?' అని ఎవరన్నా అడిగితే ఏది చెప్పాలి?

మా కాపీలో నేరం జరిగినది 12-02-2025 రాత్రి 10 గంటల నుంచి 13-02-2025 ఉదయం 7 గంటల వరకు. సమాచారం అందినది 13-02-2025 సాయంత్రం 6.30కి. కోర్టుకు పంపినది 14-02-2025 ఉదయం. పెద్దనాన్న మాత్రం 'అంతా పన్నెండో తేదీ రాత్రే' అంటారు. అన్నను కొట్టింది తెల్లారాక కదా పెద్దనాన్నా అంటే, 'ఆ, అది తెల్లారి' అంటారు.

మన పల్లెల్లో రోజు మారేది అర్ధరాత్రి కాదు, కోడి కూతకే. రాత్రి ఒంటిగంటకు జరిగినా అది నిన్నటి రాత్రే. పోలీసు కాగితానికి పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది. ఈ రెండు లెక్కల్ని కలిపేస్తే 'నువ్వు ఆ రోజు కాదన్నావు కదా' అని రేపు ఎదుటి లాయరు అడగడానికి సందు దొరుకుతుంది. అందుకని నేను 'పన్నెండు రాత్రి' అని రాయలేదు. పైపులు 12 (బుధవారం) రాత్రి 10కి, 13 (గురువారం) తెల్లవారుజాముకు మధ్య కోశారని, కొట్టింది 13 (గురువారం) ఉదయం సుమారు 7కి అని విడదీసి రాశాను. వారం పేరు పక్కనే ఉంటే పెద్దాయనకు తేదీ గుర్తుండిపోతుంది. నాకు కూడా క్యాలెండరుతో సరిచూసుకునే వీలు దొరికింది.

ఉదయం ఏడుకు దెబ్బలు తగిలితే సాయంత్రం ఆరున్నరకు కంప్లయింటు. మధ్యలో పదకొండున్నర గంటలు. ఎనిమిదో గడి దీని కోసమే ఉంది: ఆలస్యానికి కారణం. మా కాపీలో 'గాయపడిన వ్యక్తిని ఆసుపత్రికి తీసుకెళ్లినందున' అని ఉంది. కుదించేటప్పుడు అందరికంటే ముందు ఎగిరిపోయేది ఈ వాక్యమే, ఎందుకంటే కథలో దానికి పనిలేదు. కానీ కోర్టులో ఆలస్యం గురించి అడగకుండా ఉండరు. ఆ ఒక్క లైనును మక్కీకి మక్కీ దించాను.

కోశారా, కోశారని అనుమానమా?

మనుషుల దగ్గరికి వద్దాం. మా కేసులో కంప్లయింటు ఇచ్చింది పెద్దనాన్న, దెబ్బలు తగిలింది అన్నకు. ఆరో గడిలో పెద్దనాన్న పేరుంటుంది. అన్న పేరు కంప్లయింటు లోపల ఎక్కడో ఉంటుంది. పైపైన చూసినవాళ్లు 'మీ పెద్దనాన్నను కొట్టారంట' అని చెప్పుకుంటారు, చెప్పుకున్నారు కూడా. కాబట్టి ఫిర్యాదుదారు ఒకరు, గాయపడినవారు ఒకరు అని రెండు లైన్లు.

ఏడో గడి నిందితులది. మాకు ఏ1, ఏ2 పేర్లు, తండ్రుల పేర్లతో సహా ఉన్నాయి. ఏ3 దగ్గర 'గుర్తు తెలియని మరొకరు' అని ఉంది. ఏ1 పేరున్న మనుషులు మా ఊళ్లోనే ఇద్దరున్నారు, ఇంటిపేరు కూడా ఒకటే. తండ్రి పేరు వదిలేస్తే పాపం ఆ రెండో ఆయన కేసులో ఇరుక్కున్నట్టు ఊరంతా మోగిపోతుంది. తండ్రి పేరు ఉంచాను. కంప్లయింటులో 'అతని కొడుకు' అన్న చోట ఎవరి కొడుకో ఏడో గడితో సరిచూసి 'ఏ2' అని రాశాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది. పెద్దనాన్న తన కంప్లయింటులో పైపుల గురించి రాసింది ఇది: 'పైపులు కోసినది వీరేనని నాకు అనుమానంగా ఉన్నది.' కొట్టడం గురించి రాసింది: 'ఏ1 కర్రతో నా కుమారుని ఎడమ చేతిపై కొట్టినాడు, ఏ2 చేతులతో కొట్టినాడు.' (ఏ1, ఏ2 అనే చోట ఆయన పేర్లు రాశారు.) మొదటిది చూసినది కాదు, అనుమానం. రెండోది కళ్లారా చూసినది. కుదించేవాడు రెంటినీ కలిపి 'ముగ్గురూ పైపులు కోసి, అన్నను కొట్టారు' అని రాస్తే వాక్యం శుభ్రంగా ఉంటుంది, విషయం పాడవుతుంది. చూడని దాన్ని చూసినట్టు, గుర్తు తెలియని మనిషిని కొట్టినవాడిగా, రెండూ ఒకే వాక్యంలో దూరిపోతాయి. పెద్దనాన్న అదే కాగితం చదువుకుని రేపు వాంగ్మూలంలో అలాగే చెబితే ఎఫ్‌ఐఆర్ ఒకటి, ఆయన మాట ఒకటి అవుతుంది.

అదృష్టం కొద్దీ దీనికి తెలుగులో 'అని' అనే చిన్న మాట ఉంది. 'కొట్టాడు' అంటే నేను చెబుతున్నట్టు. 'కొట్టాడని ఫిర్యాదు' అంటే ఆయన చెప్పింది నేను చేరవేస్తున్నట్టు. కాగితమంతా ఆ 'అని' మీదే నడిపాను. అలాగే కాపీలో తెలుగు భాగంలో 'ముద్దాయి' అని ఉంటే మా అత్త 'అయితే తప్పు రుజువైపోయినట్టేనా' అంది. ముద్దాయి అంటే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు మాత్రమే. నేను 'నిందితుడు' అని రాశాను, 'దోషి' అన్న మాట ఎక్కడా రానివ్వలేదు.

ఒక్క కాగితం

చివరికి పెద్దనాన్నకు పంపింది ఇంతే. నంబర్లు, పేర్లు ఇక్కడ తీసేశాను:

"ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, జిల్లా: కాపీలో ఉన్నట్టు. నమోదు 13-02-2025. ఫిర్యాదుదారు: నువ్వు. గాయపడినది: అన్న. నిందితులు: ఏ1 (తండ్రి పేరుతో), ఏ2 (తండ్రి పేరుతో), ఏ3 గుర్తు తెలియని వ్యక్తి. 12-02-2025 బుధవారం రాత్రి 10కి, 13-02-2025 గురువారం తెల్లవారుజాముకు మధ్య నీ మిరప చేలో డ్రిప్పు పైపులు కోశారని, అది వీరేనని అనుమానమని ఫిర్యాదు. నష్టం సుమారు 35,000 రూపాయలు. 13-02-2025 ఉదయం సుమారు 7కి అడగడానికి వెళ్లిన అన్నను ఏ1 కర్రతో ఎడమ చేతిపై, ఏ2 చేతులతో కొట్టారని, 'నీ అంతు చూస్తాం' అన్నారని ఫిర్యాదు. స్టేషన్‌కు సమాచారం 13-02-2025 సాయంత్రం 6.30. ఆలస్యానికి కారణం: గాయపడిన వ్యక్తిని ఆసుపత్రికి తీసుకెళ్లినందున. కోర్టుకు పంపినది 14-02-2025. సెక్షన్లు: 324(4) ఆస్తి నష్టం, 115(2) గాయపరచడం, 118(1) ఆయుధంతో గాయపరచడం, 351(2) బెదిరింపు, ఇవన్నీ 3(5)తో కలిపి, అన్నీ భారతీయ న్యాయ సంహితవి. ఇది ఎఫ్‌ఐఆర్ నాటికి ఉన్న సంగతి."

బెయిలు వస్తుందా, రాజీ పడొచ్చా అన్నవి ఇందులో లేవు. పెద్దనాన్న అడిగారు. అవి కాపీలో లేవు, లాయరు గారిని అడుగు అన్నాను. పంపే ముందు కాపీని ఒక పక్క పెట్టుకుని నా కాగితంలో ప్రతి అంకె మీదా పెన్సిల్‌తో టిక్కు పెట్టాను, కింది నుంచి పైకి. పైనుంచి చదివితే కథ లాక్కుపోతుంది, అంకెల మీద కన్ను నిలవదు. మా ఆఫీసులో కోడ్ చూసేటప్పుడు కూడా ఇలా తిరగేసి చూసేవాళ్లున్నారు.

ఆ చివరి వాక్యం, 'ఎఫ్‌ఐఆర్ నాటికి' అన్నది, తొమ్మిది రోజులకే పనికొచ్చింది. అన్న చేతికి తీసిన ఎక్స్‌రేలో ముంజేతి ఎముక చిట్లినట్టు తేలింది. ఎముక విరిగినా చిట్లినా చట్టం దాన్ని తీవ్ర గాయం కింద లెక్కేస్తుంది. డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్ చూసి పోలీసులు 118(1)ని 118(2)గా మారుస్తూ కోర్టుకు మెమో వేశారు. ఇలాంటప్పుడు ఎఫ్‌ఐఆర్‌ను దిద్దరు, అది మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది. మార్పు వేరే కాగితం మీద వస్తుంది.

పెద్దనాన్న ఫోన్ చేసి, "మరి నువ్వు పంపింది తప్పయిపోయింది కదరా, చింపేసి కొత్తది రాయి" అన్నారు.

"చింపొద్దు పెద్దనాన్నా. అది ఫిబ్రవరి 13 నాటి సంగతి, అది అట్లాగే ఉండాలి. దాని కింద ఇంకో లైను రాసుకో" అన్నాను. మెమో తేదీ చెప్పమని, ఆయన ఒక్కో అంకె చదువుతుంటే నేను తిరిగి చదివి వినిపించాను. 'వైద్య నివేదికను బట్టి 118(1) స్థానంలో 118(2), మిగతా సెక్షన్లు యథాతథం' అని ఆయన చేత్తోనే రాయించాను. మెమో కాపీ దొరుకుతుందేమో కనుక్కోమని లాయరు గారు చెప్పారట, సోమవారం మార్కాపురం బస్సెక్కుతున్నారు.